బిల్లు మొత్తం 250, అందులో 18% పన్ను కలిసే ఉంది: నా లెక్కకూ సాఫ్ట్‌వేర్ లెక్కకూ 0.01 తేడా

కొత్త_పద్దు

ఆఫీసు ఖర్చుల బిల్లులు నమోదు చేసే పని ఈమధ్యే నా చేతికి వచ్చింది. చాలా బిల్లుల మీద మొత్తం ఒక్కటే ఉంటుంది, కింద చిన్న అక్షరాలతో "18% పన్నుతో కలిపి" అని రాసి ఉంటుంది. మా సాఫ్ట్‌వేర్‌లో మాత్రం పన్నుకు ముందు ధర ఒక గడిలో, పన్ను మరో గడిలో వేయాలి.

మొత్తం 250 ఉన్న బిల్లుకు 250ని 1.18తో భాగించాను. 211.8644 వచ్చింది. రెండు దశాంశాలకు కుదిస్తే 211.86. 250 లోంచి అది తీసేస్తే పన్ను 38.14. ఈ రెండూ వేయగానే పన్ను గడి ఎర్రబడి "38.13 ఉండాలి" అంటోంది. సరే అని 38.13 వేస్తే మొత్తం 249.99 అయి, బిల్లుతో సరిపోవడం లేదని ఇంకో హెచ్చరిక. మూల ధరను 211.87 చేసి చూశాను, అప్పుడు మొత్తం 250.01 అయింది. నేను చేసే పద్ధతిలోనే తప్పుందా?

చిటికెలో_లెక్క

ఇంత తిప్పలు ఎందుకండీ? 250లో 18 శాతం 45. అది తీసేస్తే 205. మూల ధర 205, పన్ను 45, కూడితే కచ్చితంగా 250. దశాంశాల గొడవే లేదు. నేను ఎప్పటినుంచో ఇలాగే చేస్తున్నాను.

పాత_గుమాస్తా

చిటికెలో_లెక్క గారూ, కూడితే 250 వస్తుంది, నిజమే. కానీ ఒక మొత్తాన్ని ఎలా రెండు ముక్కలు చేసినా కూడితే అదే వస్తుంది కదా. అది పరీక్ష కాదు. పన్నును మూల ధరతో భాగించి చూడాలి. మీ లెక్కలో 45ను 205తో భాగిస్తే 0.2195 వస్తుంది. అంటే 18 శాతం పన్ను ఉన్న చోట దాదాపు 22 శాతం పన్ను కట్టినట్టు మీరు రాస్తున్నారు. కొత్త_పద్దు గారి 38.14ను 211.86తో భాగించండి, 0.18002 వస్తుంది.

తప్పు ఎక్కడ జరిగిందంటే, అమ్మినవారు 18 శాతాన్ని మూల ధర మీద కట్టారు. మీరు అదే 18 శాతాన్ని పన్ను కలిసిన మొత్తం మీద కట్టారు. శాతం అదే అయినా అది నిలబడిన అడుగు మారిపోయింది. 205 మీద తిరిగి 18 శాతం వేస్తే 241.90 మాత్రమే వస్తుంది. లోటు 8.10. ఆ 8.10 మీరు తీసిన 45లో సరిగ్గా 18 శాతం. పన్ను మీద కూడా పన్ను లెక్కగట్టారన్న దానికి అదే ఆనవాలు.

మూల ధరను 100 భాగాలు అనుకుంటే పన్ను 18 భాగాలు, మొత్తం 118 భాగాలు. కాబట్టి మొత్తంలో పన్ను వాటా 118లో 18. అంటే వందకు 15.25 చొప్పున పడుతుంది, 18 చొప్పున కాదు.

ఇక కొత్త_పద్దు గారి ప్రశ్న. మీ పద్ధతిలో తప్పేమీ లేదు. మీరు తగులుకున్నది ఇంకో సంగతి: 18 శాతం పన్నుతో 250.00 అనే మొత్తం, రెండు దశాంశాల లెక్కలో, ముందు నుంచి లెక్కగడితే అసలు పుట్టదు.

అడిగితే_తప్పా

పుట్టదంటే? 250 మామూలు అంకె కదండీ. బిల్లు మీద ముద్రించి కూడా ఉంది!

పాత_గుమాస్తా

పక్కపక్కన ఉన్న నాలుగు మూల ధరలు తీసుకుని 18 శాతం వేసి, పన్నును రెండు దశాంశాలకు కుదించి చూడండి.

211.85 మీద పన్ను 38.13, మొత్తం 249.98.
211.86 మీద పన్ను 38.13, మొత్తం 249.99.
211.87 మీద పన్ను 38.14, మొత్తం 250.01.
211.88 మీద పన్ను 38.14, మొత్తం 250.02.

249.99 నుంచి ఒక్క గెంతులో 250.01కి వెళ్లిపోయింది. మధ్యలో 250.00 మీద కాలు పడలేదు. మూల ధర 0.01 పెరిగినప్పుడల్లా మొత్తం 0.0118 పెరగాలి. రెండు దశాంశాలే ఉండటంతో ఆ చిన్న అదనం కొంతసేపు కనబడకుండా పోగుపడి, ఒక చోట ఒక్కసారిగా బయటపడుతుంది. అక్కడ ఒక మొత్తం తప్పిపోతుంది.

ఎన్ని తప్పిపోతాయో కూడా చెప్పవచ్చు. వరుసగా 100 మూల ధరలు తీసుకుంటే అవి 118 మొత్తాల మేర పరుచుకుంటాయి. ఒక్కో మూల ధరకు ఒక్క మొత్తమే వస్తుంది కాబట్టి 118లో 18 మొత్తాలకు ఏ మూల ధరా దొరకదు. అంటే మీ చేతికొచ్చే బిల్లుల్లో దాదాపు ఆరేడింటికి ఒకటి ఇలా ఎర్రబడుతుంది. పన్ను రేటు తక్కువైతే ఖాళీలు తగ్గుతాయి. 5 శాతమైతే 105లో 5 మాత్రమే.

అలాంటప్పుడు బిల్లు మీద 250 ఎలా వచ్చిందంటారా? అమ్మినవారు ముందే "అన్నీ కలిపి 250" అని ధర పెట్టుకున్నారు. వాళ్ల యంత్రం కూడా మీలాగే వెనక్కి లెక్కగట్టి 211.86, 38.14 అని విడదీసి ఉంటుంది. మీ సాఫ్ట్‌వేర్ మాత్రం ముందుకు లెక్కగట్టి చూస్తోంది. దారులు వేరు కాబట్టి చివర్లో 0.01 దగ్గర కలుసుకోవు.

జంట_పన్ను

మా దగ్గర ఇదే 18 శాతాన్ని 9, 9గా రెండు పన్నులుగా చూపించాలి. ఇప్పుడే 250తో చేసి చూశాను. 211.86 మీద 9 శాతం 19.0674, కుదిస్తే 19.07. రెండూ కలిపి 38.14. మొత్తం సరిగ్గా 250.00 వచ్చింది! మరి ఇది పుట్టని మొత్తం అన్నారు?

పాత_గుమాస్తా

బాగా పట్టుకున్నారు. నేను చెప్పింది పన్ను ఒకే ముక్కగా కుదించినప్పటి మాట. రెండు ముక్కలుగా చేసి దేనికది కుదిస్తే ఖాళీలు వేరే చోటికి జరుగుతాయి, పోవు. అప్పుడు పన్ను ఎప్పుడూ సరిసంఖ్యగానే పెరుగుతుంది కాబట్టి గెంతు పడిన చోట ఒకటి కాదు, రెండు మొత్తాలు తప్పిపోతాయి. మీకు 250 కుదిరింది, ఇంకోటి కుదరదు. కొత్త_పద్దు గారూ, మీ బిల్లు మీద పన్ను ఒకే వరుసలో ఉందా, రెండు వరుసల్లోనా?

కొత్త_పద్దు

వరుసే లేదండీ. మొత్తం, దాని కింద ఆ చిన్న వాక్యం, అంతే. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం పన్నుకు ఒకటే గడి.

కోత_తర్వాత_మిగిలింది

పాత_గుమాస్తా గారి మాట నాకు మింగుడుపడటం లేదు. నేను రాసి ఇచ్చే పనికి 1000 బిల్లు పెడితే 10 శాతం పన్ను కింద కోసి 900 చేతిలో పెడతారు. అక్కడ మొత్తం మీదే కదా 10 శాతం? 1.10తో భాగిస్తే 909.09 వస్తుంది, నా చేతికి అంత ఎప్పుడూ రాలేదు. చిటికెలో_లెక్క గారు చెప్పిందే సరైనదేమో.

పాత_గుమాస్తా

మీది వేరే లెక్క. మీకు చెల్లించేవారు మీ మొత్తంలోంచే కోస్తున్నారు. అక్కడ శాతం నిలబడిన అడుగు మొత్తమే, కాబట్టి తీసివేతే సరైనది. ఇక్కడ మాట్లాడుతున్నది ధర మీదికి ఎక్కించిన పన్ను గురించి. మీ విషయంలో వెనక్కి వెళ్లాలంటే, అంటే 900 చేతికి వచ్చింది, బిల్లు ఎంత అని తెలుసుకోవాలంటే, 0.90తో భాగించాలి. 1.10తో గుణిస్తే 990 దగ్గర ఆగిపోతారు.

ఏ లెక్కలోనైనా ముందు అడగాల్సింది ఒక్కటే: ఈ శాతం దేనిమీద కట్టారు?

కోత_తర్వాత_మిగిలింది

0.90తో చేస్తే 1000 వచ్చింది. సరే, నాది ఇక్కడి ప్రశ్న కాదన్నమాట. అయినా నాకు పనికొచ్చింది.

చిటికెలో_లెక్క

భాగించాలని ఒప్పుకుంటున్నాను. కానీ ఒకే బిల్లులో కొన్నిటికి 5 శాతం, కొన్నిటికి 18 శాతం ఉంటే? సగటు 11.5 తీసుకుని 1.115తో భాగిస్తే అయిపోతుందిగా. నా దగ్గర అలాంటి బిల్లు మొత్తం 1010 ఉంది. 905.83 వచ్చింది, చూడటానికి బాగానే ఉంది.

పలక_బలపం

సగటు పనిచేయదండీ. 5 శాతం వస్తువులూ 18 శాతం వస్తువులూ మూల ధరలో సరిసమానంగా ఉంటేనే అది కుదురుతుంది, అలా ఉన్నాయని ఎవరు చెప్పారు?

నిజానికి 1010 అనే ఒక్క అంకెతో జవాబు లేదు. అన్నీ 5 శాతం వస్తువులే అయితే అందులో పన్ను 48.10. అన్నీ 18 శాతానివే అయితే 154.07. మీ అసలు పన్ను ఈ రెండింటి మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఇంకొక్క అంకె కావాలి. బిల్లు మీద మొత్తం పన్ను ఎంతో రాసి ఉందా?

చిటికెలో_లెక్క

ఉంది. 110.

పలక_బలపం

అయితే దొరికినట్టే. 1010 లోంచి 110 తీస్తే మూల ధర మొత్తం 900. ఆ 900 అంతా 5 శాతం సరుకే అనుకోండి, పన్ను 45 పడాలి. కానీ 110 పడింది. 65 ఎక్కువ. ఒక్కో వస్తువు 5 నుంచి 18కి మారితే వందకు 13 అదనంగా పడుతుంది. 65ను 0.13తో భాగిస్తే 500. అంటే 18 శాతం సరుకు 500, 5 శాతం సరుకు 400. సరిచూడండి: 500 మీద 90, 400 మీద 20, కలిపి 110.

మీ సగటు లెక్క ప్రకారం పన్ను 104.17. దాదాపు 6 తక్కువ. రేట్లు మూడైతే ఈ కిటుకూ పనిచేయదు, వస్తువుల వారీ ధరలు చూడాల్సిందే.

పన్ను మీద పన్ను ఉండే బిల్లులతో కూడా జాగ్రత్త. ముందు 10 శాతం వేసి, ఆ వచ్చిన దాని మీద ఇంకో 5 శాతం వేస్తే భాగించాల్సింది 1.15తో కాదు, 1.10ని 1.05తో గుణించగా వచ్చే 1.155తో. మొత్తం 1155 అయితే మూల ధర సరిగ్గా 1000. రెండు రేట్లూ కూడేసి 1.15తో భాగిస్తే 1004.35 అని చూపిస్తుంది.

గడుల_కాగితం

ఇలాంటి బిల్లులు నేను స్ప్రెడ్‌షీట్‌లో వందల కొద్దీ వేస్తాను. మొత్తం A2లో ఉంటే, పన్ను B2లో, మూల ధర C2లో ఇలా:

```
B2: =ROUND(A2*18/118, 2)
C2: =A2-B2
```

రెండోదానికి కూడా ROUND(A2/1.18, 2) అని వేరే సూత్రం రాయాలనిపిస్తుంది, రాయకండి. 18 శాతం దగ్గర ఇబ్బంది కనబడదు, అందుకే ఎవరూ గమనించరు. 20 శాతం ఉన్న చోట మొత్తం 10.05తో చేసి చూడండి. మూల ధర 8.375, పన్ను 1.675. రెండూ సరిగ్గా సగం దగ్గర నిలబడ్డాయి. దేనికది పైకి కుదిస్తే 8.38, 1.68, కూడితే 10.06. లేని 0.01 పుట్టుకొచ్చింది. ఒకటే కుదించి, రెండోది తీసివేతతో తెచ్చుకుంటే ఈ బాధ ఉండదు.

జంట_పన్ను

అలా అయితే ఏది ముందు కుదించాలి? మీరు పన్నును కుదించారు, కొత్త_పద్దు గారు మూల ధరను కుదించారు.

గడుల_కాగితం

మామూలుగా రెండు దారుల్లోనూ ఒకే జవాబు వస్తుంది. పైన చెప్పిన సగం సగం బిల్లుల్లోనే తేడా. 10.05కి పన్నును ముందు కుదిస్తే పన్ను 1.68, మూల ధరను ముందు కుదిస్తే పన్ను 1.67. పన్ను అంకె ఇంకొకరికి లెక్క చెప్పాల్సినది, కాబట్టి దాన్నే సూత్రంతో తేవాలి, మిగిలింది మూల ధర. నా అభిప్రాయం ఇది.

పాత_గుమాస్తా

నా అభిప్రాయం వేరు. మూల ధర మీదే తర్వాతి లెక్కలన్నీ నిలబడతాయి. సరుకు విలువ, లాభం, అన్నీ. కాబట్టి దాన్నే సూత్రంతో తేవాలంటాను. ఏదైనా ఒకటి పట్టుకుని ఏడాది పొడవునా అదే పాటిస్తే చాలు అనేవరకు మాత్రం మనిద్దరం కలిసే ఉన్నాం. మీ చోటి నిబంధనల్లో ఏది ముందు అని రాసి ఉంటే మన అభిప్రాయాలతో పనిలేదు.

కొత్త_పద్దు

అందరికీ ధన్యవాదాలు. ఇంకో బిల్లుతో కొత్త చిక్కు వచ్చింది. అదే 250 వస్తువు పది తీసుకున్నారు, మొత్తం 2500. ఒకే వరుసగా వేస్తే మూల ధర 2118.64, పన్ను 381.36, సాఫ్ట్‌వేర్ గొణగకుండా తీసుకుంది. పది వరుసలుగా వేస్తే ఒక్కోటి 211.86, 38.14. పన్ను మొత్తం 381.40 అవుతోంది. పైగా పది వరుసలూ ఎర్రబడ్డాయి. ఒకే బిల్లుకు రెండు పన్నులా?

పాత_గుమాస్తా

ఒక్కో వరుసలో మీరు వదిలేసినది 0.0044. పది వరుసలకు అది 0.044 అయింది, 0.04గా కనబడింది. ఎక్కడా తప్పు జరగలేదు, ముందు కుదించి తర్వాత కూడటానికీ, ముందు కూడి తర్వాత కుదించడానికీ మధ్య తేడా ఇది. అమ్మినవారి బిల్లు వరుసల వారీ పన్ను చూపిస్తే దాన్నే అనుసరించండి, మొత్తం మీద ఒకే పన్ను చూపిస్తే మొత్తం మీదే చేయండి. ఏదీ చూపకపోతే మొత్తం మీద చేసినదే అసలు విలువకు దగ్గరగా ఉంటుంది.

ఇంకొకటి. 250 బిల్లు మీద "సవరణ" అనో "రౌండ్ ఆఫ్" అనో చిన్న వరుస ఏదైనా ఉందేమో మళ్లీ చూడండి. ఉంటే ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా మారిపోతుంది. 249.99ను 250 చేసి ఉండవచ్చు. అప్పుడు మూల ధర 211.86, పన్ను 38.13, సవరణ 0.01, మీ సాఫ్ట్‌వేర్ అంటున్నదే నిజం. సవరణను పన్ను లెక్కలోకి లాగకూడదు, ముందే పక్కకు తీయాలి. పూర్ణాంకానికి కుదించే అలవాటున్న చోట ఇది ఇంకా పెద్దది. 249.50 నుంచి 250.49 దాకా ఏదైనా 250గా కనబడుతుంది. అప్పుడు మూల ధర 211.44 కావచ్చు, 212.28 కావచ్చు. 250 అనే అంకె ఒక్కటే చూసి ఏదని చెప్పలేం.

అడిగితే_తప్పా

అంటే అసలు ధర తెలియనే తెలియదా? మరి ఇంతసేపు రెండు దశాంశాల కోసం కొట్టుకున్నాం!

పాత_గుమాస్తా

సవరణ వరుస ఉండి, దాని పక్కన అంకె లేకపోతేనే తెలియదు. అంకె ఉంటే పక్కకు తీసి మిగిలినదాన్ని భాగించండి. రవాణా ఖర్చు లాంటివి పన్ను లేకుండా కలిసి ఉన్నా అంతే, ముందు వాటిని విడదీయాలి.

కొత్త_పద్దు

బిల్లు మళ్లీ చూశాను. సవరణ వరుస లేదు. మిగతా బిల్లులు కూడా చూస్తే అన్నిటి మీదా మొత్తాలు గుండ్రని అంకెలే: 250, 500, 750. అన్నీ కలిపి పెట్టిన ధరలే అనిపిస్తోంది. 500కి 423.73, 76.27 వేస్తే సాఫ్ట్‌వేర్ వెంటనే ఒప్పుకుంది. పుట్టే మొత్తం అన్నమాట.

సాఫ్ట్‌వేర్ అమరికల్లో వెతికితే "పన్ను మొత్తాన్ని స్వయంగా నమోదు చేయి" అని ఒకటి కనబడింది. దాన్ని తెరిస్తే వరుసకు 0.01 తేడా వరకు ఊరుకుంటోంది. 250 బిల్లు 211.86, 38.14తో ఎక్కింది. పది వస్తువుల బిల్లును ఒకే వరుసగా వేయాలా, పది వరుసలుగానా అని మా లెక్కల తనిఖీ చేసేవారిని అడిగాను. ఒకాయన వరుసలుగానే కావాలన్నారు, ఇంకొకరు మొత్తం చాలన్నారు. ఇద్దరూ మాట్లాడుకుని చెబుతామన్నారు, ప్రస్తుతానికి ఆ బిల్లు పక్కన పెట్టాను.